ఇద్దరు బిడ్డలు, ఒకే మాయ: 12వ వారం నుంచి ప్రసవం దాకా ఒక కేసు

8వ వారంలో బయట తీయించుకున్న స్కాన్ రిపోర్టులో ఉన్నది ఒక్క ముక్కే: గర్భంలో ఇద్దరు బిడ్డలు, ఇద్దరి గుండెలూ కొట్టుకుంటున్నాయి. ఆ కాగితం పట్టుకుని ఆమె తిరుపతిలో నా దగ్గరకు వచ్చేసరికి 12 వారాల 2 రోజులు. వయసు 26, తొలి కాన్పు, మందుల సాయం లేకుండా వచ్చిన గర్భం. కాపురం రేణిగుంటలో, పుట్టిల్లు పలమనేరు వైపు ఒక పల్లె. వెంట అత్త వచ్చింది. ఆమె మొదటి ప్రశ్న, "మా వంశంలో ఎవరికీ అమడ బిడ్డలు లేరు మేడం, ఎట్ల వచ్చినారు?"

కుటుంబం అనుమతితో, వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను. కవల గర్భం అనగానే అందరూ బిడ్డల సంఖ్య దగ్గరే ఆగిపోతారు. తర్వాత ఎన్ని స్కాన్లు తీయాలి, దేనికి భయపడాలి, ఏ వారంలో కాన్పు చేయాలి అన్నవి తేలేది మాత్రం మాయ ఒకటా, రెండా అన్న ప్రశ్న మీద. ఆ సంగతి 8వ వారం రిపోర్టులో లేదు.

అత్తకు నేను చెప్పిన జవాబు ఇది. రెండు అండాలు వేరువేరుగా ఫలించి వచ్చే కవలలు కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తారు. వాళ్లకు ఎవరి మాయ వాళ్లకే ఉంటుంది. ఒకే అండం ఫలించాక రెండుగా చీలి వచ్చే కవలలకు వంశంతో పనిలేదు, ఎవరికైనా రావచ్చు. ఆ చీలిక మొదటి మూడు రోజుల్లో జరిగితే మాయలు రెండు ఏర్పడతాయి. నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు మధ్య జరిగితే మాయ ఒకటే ఉండి, ఉమ్మనీటి సంచులు రెండవుతాయి. అంతకన్నా ఆలస్యమైతే సంచి కూడా ఒకటే.

మాయల సంఖ్య తేల్చడానికి సరైన కాలం 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల వరకు. బిడ్డలిద్దరి మధ్య ఉన్న పొర మాయను తాకే చోట చూడాలి. మాయ కణజాలం ఆ పొర మధ్యలోకి ముక్కోణంలా ఎగదన్ని ఉంటే రెండు మాయలు ఉన్నట్టు. గ్రీకు అక్షరం పేరుతో దాన్ని ల్యాంబ్డా గుర్తు అంటాం. పొర పలుచగా ఉండి, ముక్కోణం లేకుండా నిటారుగా వచ్చి మాయకు తగిలితే టీ గుర్తు. అంటే మాయ ఒకటే. 14 వారాలు దాటాక ఆ ముక్కోణం మెల్లగా చదునైపోతుంది, 20 వారాలకు వచ్చిన మనిషిలో నమ్మకంగా చెప్పడం కష్టం. వేరే దేశాల్లో ఒకరు ఆడ, ఒకరు మగ అని కనిపిస్తే రెండు మాయలని ధైర్యంగా రాసేస్తారు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం మన దగ్గర ఆ మాట రిపోర్టులో రాయకూడదు, చెప్పకూడదు. అందుకే మనకు ఈ మూడు వారాల వ్యవధి మరీ ముఖ్యం. అది జారిపోయి అనుమానం మిగిలితే ఒకే మాయ అనుకుని చూసుకోవడమే క్షేమం.

ఈమెకు టీ గుర్తు స్పష్టంగా ఉంది. గర్భసంచి వెనక గోడకు ఒకే మాయ, రెండు సంచులు. బిడ్డల పొడవు 58, 55 మిల్లీమీటర్లు. వారాలు లెక్కించేటప్పుడు పెద్ద బిడ్డ కొలతనే ఆధారంగా తీసుకుంటాం. చిన్న బిడ్డను పట్టుకుంటే, ఎదుగుదల లోపం ఉన్నా అది తేదీ లెక్కలో కలిసిపోతుంది. ఆ రోజే ఇద్దరికీ గుర్తులు రాసిపెట్టాను: ఒకరు ఎడమ కింద, ఒకరు కుడి పైన. ఒకటో బిడ్డ, రెండో బిడ్డ అని మాత్రమే రాస్తే, స్కాన్ తీసేవాళ్లు మారినప్పుడు కొలతలు తారుమారవుతాయి. కవలల్లో విలువంతా ఒక్కో బిడ్డ కొలతలను ఆ బిడ్డ పాత కొలతలతోనే పోల్చి చూడటంలో ఉంది.

తొలి కాన్పు, అందులో కవలలు. ఈ రెండు కారణాలూ కలిసినప్పుడు బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు రాకుండా తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతాం. ఆమెకు రాత్రిపూట 150 మిల్లీగ్రాములు ఇచ్చాను. హిమోగ్లోబిన్ 10.1 ఉంది కాబట్టి ఐరన్ మాత్ర రోజుకు రెండు. ఫైలు అట్ట లోపల పెద్ద అక్షరాలతో రాశాను: ఒకే మాయ, రెండు సంచులు, 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్, అన్నీ సవ్యంగా ఉంటే 36 వారాలకు కాన్పు.

అత్త అది చదివించుకుని, "ఇన్ని తూర్లు స్కానింగ్ తీస్తే బిడ్డలకేమన్నా అవుతుందేమో మేడం" అంది. చాలా ఇళ్లలో ఉన్న భయమే ఇది. స్కాన్‌లో వాడేది శబ్ద తరంగాలు, ఎక్స్‌రే కిరణాలు కావని చెప్పి, రెండు వారాల లెక్క ఎందుకో కూడా చెప్పాను. ఒకే మాయ ఉన్నప్పుడు ఇద్దరి రక్తనాళాలు ఆ మాయలో కలుసుకుంటాయి. చాలామందిలో రాకపోకలు సమంగా సాగిపోతాయి. వందలో పది పదిహేను మందిలో మాత్రం రక్తం ఒకరి నుంచి ఇంకొకరికి ఎక్కువగా పోతుంది. ఇచ్చే బిడ్డకు మూత్రం తగ్గి, ఉమ్మనీరు ఎండిపోతుంది. పుచ్చుకునే బిడ్డకు నీరు పొంగి, గుండెకు భారమవుతుంది. ఇది ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్య మొదలవుతుంది, రోజుల్లోనే ముదురుతుంది. నెలకోసారి చూస్తే రెండు స్కాన్ల మధ్యే వచ్చి చేయి దాటిపోతుంది. ఎవరి మాయ వాళ్లకున్న కవలలకు ఈ గొడవ లేదు. వాళ్లకు 20 వారాల తర్వాత నెలకోసారి స్కాన్ చాలు.

16, 18 వారాల స్కాన్లు నిమ్మళంగా గడిచాయి. ప్రతిసారీ చూసేవి మూడే: ఒక్కో సంచిలో నీటి లోతు, ఇద్దరి మూత్రకోశాలూ నిండి కనిపిస్తున్నాయా లేదా, బొడ్డుతాడులో రక్త ప్రవాహం. 20వ వారంలో అవయవాల వివరమైన స్కాన్‌తో పాటు గర్భసంచి ముఖద్వారం పొడవు కూడా చూశాం, 34 మిల్లీమీటర్లు. 25 లేదా అంతకు లోపు ఉంటే నెలలు నిండకముందే కాన్పు వచ్చే అపాయం ఎక్కువ, ఈమెకు ఆ దిగులు లేదు. నీటి లోతు దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. కుడి పైన బిడ్డకు 6.1 సెంటీమీటర్లు, ఎడమ కింద బిడ్డకు 2.6.

బిడ్డల మధ్య రక్త మార్పిడి జబ్బు అని తేల్చాలంటే ఒక సంచిలో 2 సెంటీమీటర్ల లోపు, ఇంకో సంచిలో 8 పైన ఉండాలి. 20 వారాలు దాటాక పైకొలత 10 అని లెక్కించే పద్ధతీ ఉంది. ఈమెకు రెండు వైపులా గీత దాటలేదు, నీరు తక్కువున్న బిడ్డ మూత్రకోశం నిండే ఉంది. జబ్బు కాదు, అలాగని రెండు వారాలు వదిలేసే పరిస్థితీ కాదు. వారం వారం రమ్మన్నాను. ఆ సాయంత్రమే చెన్నైలో పిండానికి లేజర్ చికిత్స చేసే కేంద్రంతో ఫోన్లో మాట్లాడి, అవసరమైతే ఎవరిని కలవాలో, ఎంత ఖర్చవుతుందో కనుక్కుని భర్తకు చెప్పాను. ఆ జబ్బు నిజంగా ముదిరితే మందులతో తగ్గదు. సన్నని కెమెరాతో గర్భసంచిలోకి వెళ్లి, మాయ మీద కలిసిన రక్తనాళాలను లేజర్‌తో మూసేయడమే అసలు వైద్యం. చెన్నై మనకు నాలుగు గంటల లోపు దారి. రిపోర్టు చేతికి వచ్చాక వెతుకులాట మొదలుపెడితే విలువైన రోజులు పోతాయి.

ఆమెకు ఒక్క మాట గట్టిగా చెప్పాను. "అమ్మా, పొట్ట రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి పెద్దదై బిగుసుకుపోయినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, ఆ పూటే వచ్చేయ్." నీరు పొంగే లక్షణం తల్లికి ముందు తెలిసేది ఇలాగే. కవలలు కదా, పొట్ట పెద్దగానే ఉంటుందిలే అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పడం వల్ల ఆలస్యంగా వచ్చిన కేసులు ఉన్నాయి.

తర్వాతి వారాల్లో తేడా పెరగలేదు. 23వ వారానికి 5.2, 3.3 దగ్గర కుదుటపడింది. 24వ వారంలో రక్తహీనత మాత్రం ముదిరింది. మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ 9.4కి దిగింది, మాత్రతో కడుపులో తిప్పుతోందని ఒకటి మానేసిందట. ఐరన్‌ను సెలైన్‌లో 1000 మిల్లీగ్రాములు ఎక్కించాం. కవలల తల్లికి కాన్పులో రక్తం ఎక్కువగా పోతుందని ముందే తెలుసు కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు.

అసలు సమస్య ఇంకో దారిన వచ్చింది. 22వ వారం నుంచి ఎడమ కింద బిడ్డ బరువులో వెనకబడుతోంది. పెద్ద బిడ్డ బరువులోంచి చిన్న బిడ్డ బరువు తీసేసి, మిగిలినదాన్ని పెద్ద బిడ్డ బరువుతో భాగిస్తే తేడా శాతం వస్తుంది. 24వ వారంలో అది 19. 28 వారాలు నిండబోతుండగా అంచనా బరువులు 1150, 850 గ్రాములు, అంటే తేడా 26 శాతం. 25 దాటి, చిన్న బిడ్డ ఆ వారానికి ఉండాల్సిన బరువులో అట్టడుగున ఉంటే, ఒక్క బిడ్డకే పరిమితమైన ఎదుగుదల లోపం అంటాం. కారణం సాధారణంగా మాయ పంపకంలో ఉంటుంది. ఒకే కంచంలో ఇద్దరికి వడ్డించినప్పుడు ఒకరి వైపు పెద్ద ముద్ద, ఇంకొకరి వైపు చిన్న ముద్ద పడ్డట్టు, ఒకరి బొడ్డుతాడు మాయ నడిమిన, ఇంకొకరిది అంచున అతుక్కుని ఉంటుంది. తల్లి ఎక్కువ తిన్నంత మాత్రాన ఆ పంపకం మారదు. ఇది అత్తకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే కోడలు సరిగా తినడం లేదని అప్పటికే ఇంట్లో మాటలు నడుస్తున్నాయి.

ఇక్కడ బరువు తేడా కన్నా చిన్న బిడ్డ బొడ్డుతాడులో రక్త ప్రవాహమే దారి చూపిస్తుంది. గుండె రెండు కొట్టుకోళ్ల మధ్య విశ్రాంతి తీసుకునే క్షణంలో కూడా రక్తం ముందుకే సాగుతుంటే మొదటి రకం, బిడ్డలు బతికి బయటపడే అవకాశం బాగా ఎక్కువ. ఆ క్షణంలో ప్రవాహం ఎప్పుడు చూసినా ఆగిపోతున్నా, వెనక్కి పోతున్నా రెండో రకం. ఒకసారి ఉండి, ఒకసారి లేకుండా మారుతూ ఉంటే మూడో రకం, ఇది ముందస్తు హెచ్చరిక లేకుండా బిడ్డ పోయే రకం. ఆ రెండింటిలో కాన్పు 32 వారాల చుట్టుపక్కలే ఆలోచించాల్సి వస్తుంది. ఈమెది మొదటి రకం. వారం వారం ప్రవాహం, రెండు వారాలకోసారి బరువు చూసుకుంటూ 34 నుంచి 36 వారాల మధ్యకు తీసుకెళ్లాలనుకున్నాం. ఇద్దరి మెదడు రక్తనాళంలో వేగం కూడా కొలిచేవాళ్లం. ఒక బిడ్డకు రక్తం పలచబడి, ఇంకో బిడ్డకు చిక్కబడే మరో రకం మార్పిడి ఉంది, అది ఉమ్మనీటిలో తేడా చూపించకుండా వస్తుంది. ఈమెకు అది లేదు.

ఏడో నెల సీమంతం అయ్యాక పుట్టింటికి తీసుకుపోతామని తల్లి వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన దగ్గర ఎవరూ తప్పించని మాట. పలమనేరు నుంచి తిరుపతికి కారులో రెండున్నర గంటలకు తక్కువ కాదు. నొప్పులు మొదలైనా, బిడ్డ కదలిక తగ్గినా అంత దూరం నుంచి రావడం, వచ్చాక ఒకేసారి ఇద్దరు పసికందులకు ఐసీయూ మంచాలు దొరకడం రెండూ కష్టమే. అలిపిరి దారిలో ప్రసూతి ఆసుపత్రి, రుయా, స్విమ్స్ దగ్గర దగ్గరగా ఉన్న తిరుపతిని ఆ నెలల్లో వదిలి వెళ్లొద్దన్నాను. అమ్మే వచ్చి రేణిగుంటలో కూతురి దగ్గర ఉండిపోయింది. సీమంతం ఇంట్లోనే చేశారు.

పూర్తిగా మంచం మీదే ఉండాలా అని అడిగారు. అక్కర్లేదు. మంచానికి పరిమితం చేస్తే కవలల కాన్పు ఆలస్యమవుతుందని రుజువు లేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే భయం పెరుగుతుంది. బరువులు ఎత్తకుండా, అలసిపోయే పని చేయకుండా ఇంట్లో తిరగమన్నాను. ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఎందుకైనా మంచిదని 28 వారాలకే వేయించమని బంధువు ఒకాయన ఒత్తిడి చేశాడు. ఒప్పుకోలేదు. వారంలోపు కాన్పు జరిగే సూచన ఉన్నప్పుడు వేస్తేనే వాటి మేలు పూర్తిగా దక్కుతుంది.

33 వారాల 5 రోజులప్పుడు రెండు సంగతులు కలిసొచ్చాయి. రెండు వారాల్లో పెద్ద బిడ్డ 1780 నుంచి 2120 గ్రాములకు పెరిగితే, చిన్న బిడ్డ 1330 నుంచి 1480కే వచ్చింది. తేడా 30 శాతం. బొడ్డుతాడులో ప్రవాహం ముందుకే ఉన్నా బాగా సన్నగిల్లింది, మెదడుకు రక్తం మళ్లించుకుంటున్న గుర్తు కనిపించింది. అదే రోజు తల్లి బీపీ 144/92, నాలుగు గంటల తర్వాత చూసినా అంతే, మూత్రంలో ప్రొటీన్ ఒక ప్లస్. తలనొప్పి లేదు, కళ్లు మసకబారడం లేదు, ప్లేట్‌లెట్లు, కాలేయ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. చేర్చుకుని లాబెటలాల్ మాత్రలు మొదలుపెట్టాం. డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి నాలుగు మోతాదులు. కాన్పు 34 వారాల 2 రోజులకు నిర్ణయించాం.

మధ్యలో అమావాస్య ఉంది. నాలుగైదు రోజులు ఆగితే మంచి నక్షత్రం వస్తుందని పెద్దవాళ్లు పంచాంగం చూపించారు. మామూలు పరిస్థితిలో, 36వ వారంలో రోజు ఎంచుకునే వీలుంటే ఆ కోరిక మన్నించడంలో నాకు అభ్యంతరం లేదు. ఇక్కడ అలా కాదు. మాయ ఒకటే అయినప్పుడు చిన్న బిడ్డ కడుపులో పోతే, కలిసిన నాళాల గుండా పెద్ద బిడ్డ రక్తం ఆ వైపు జారిపోయి బీపీ పడిపోతుంది. అలాంటప్పుడు రెండో బిడ్డ కూడా పోయే అపాయం సుమారు 15 శాతం, బతికినా మెదడు దెబ్బతినే అపాయం సుమారు 25 శాతం. అది జరిగాక హడావిడిగా కాన్పు చేసినా పెద్ద ఫలితం ఉండదు, నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. ఆ లెక్క చెప్పి, రోజు మార్చలేనని, ఆ రోజులో ఏ గంట మంచిదో చెబితే వీలైనంత పాటిస్తానని అన్నాను. వాళ్ల అయ్యవారు ఉదయం పదిన్నర తర్వాత అన్నారట. థియేటర్ ఆ వేళకే సిద్ధం చేశాం.

కింద ఉన్న బిడ్డ పిరుదులు ముందుగా ఉంది కాబట్టి సిజేరియన్. ఆ బిడ్డ తలకిందులుగా ఉండి, ఇంకే సమస్యా లేకపోతే ఒకే మాయ ఉన్న కవలలకైనా మామూలు కాన్పు ప్రయత్నించవచ్చు. కవలలంటే ఆపరేషనే అన్న అభిప్రాయం సరికాదు. ఇద్దరు పిల్లల వైద్యులు, రెండు వెచ్చని మంచాలు, సరిపోయిన రక్తం రెండు యూనిట్లు. ఇద్దరూ ఆడబిడ్డలు, 1.51 కిలోలు, 2.16 కిలోలు. సాగిన గర్భసంచి అనుకున్నట్టే మెత్తబడింది. ఆక్సిటోసిన్ ధార పెంచి, ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము ఇచ్చాక బిగిసింది. సుమారు 900 మిల్లీలీటర్ల రక్తం పోయింది, ఎక్కించాల్సిన పని రాలేదు. 24వ వారంలో ఎక్కించిన ఐరన్ ఇక్కడ అక్కరకు వచ్చింది.

మాయను బల్ల మీద పరిచి చూశాం. చిన్న బిడ్డ తాడు మాయకు కాకుండా, అంచు బయట పొరలోకి అతుక్కుని ఉంది. ఆమె వాటా పావు వంతు మించదు. అత్తను పిలిచి అది చూపించాను. కోడలి తిండి గురించిన మాట ఆ ఇంట్లో అక్కడితో ఆగింది.

పెద్ద పాప రెండో రోజే తల్లి పక్కకు వచ్చింది. చిన్న పాపకు ఊపిరి సమస్య రాలేదు, మొదటి రోజు చక్కెర తగ్గింది, పీల్చే బలం లేదు. పిండిన తల్లిపాలు గొట్టం ద్వారా ఇస్తూ, తల్లి, అమ్మమ్మ వంతులవారీగా గుండెకు హత్తుకుని కంగారూ పద్ధతిలో పడుకోబెట్టారు. 16వ రోజుకు 1.64 కిలోలతో, సొంతంగా పాలు తాగుతూ ఇంటికి వెళ్లింది.

ఇంటికి పంపేటప్పుడు చీటీలో మూడు విషయాలు రాశాను. 2 కిలోల లోపు పుట్టింది కాబట్టి చిన్న పాపకు నాలుగు వారాల వయసు నిండేలోపు కంటి రెటీనా పరీక్ష తప్పనిసరి. కళ్లు బాగానే ఉన్నాయి కదా అని మానేస్తే కుదరదు, పైకి ఏమీ కనిపించకుండానే రెటీనా దెబ్బతింటుంది. తల్లి బీపీ మందు ఉన్నట్టుండి మానకూడదు, ఆరు వారాల వరకు చూపించుకోవాలి. మళ్లీ గర్భం వస్తే, ఒక్క బిడ్డే అయినా, 12 వారాలకే వచ్చి ఆస్పిరిన్ సంగతి అడగాలి.